నా సెలవు పంచాంగంలో ఉంది

మా పార్లర్‌లో అద్దం పక్కన ఒక పంచాంగం వేలాడుతుంటది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు అది చూసి నవ్వుతారు. "అక్కా, ఐబ్రోస్ చేయించుకోవడానికి కూడా ముహూర్తం చూస్తవా ఏంది?" అని అడుగుతారు. "మీకు కాదు, నాకు" అంటాను. ఆ పుస్తకంలో నేను చూసేది పెళ్లి ముహూర్తాలు కాదు. ముహూర్తాలు లేని రోజులు. నాకు సెలవు దొరికేది ఆ రోజుల్లోనే.

నాది చెన్నూరు. మంచిర్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. మెయిన్ రోడ్డుకు కొంచెం లోపల ఒక గది అద్దెకు తీసుకుని తొమ్మిదేళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. ఒక కుర్చీ, ఒక ఫేషియల్ బెడ్, ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషిని నేనే. షట్టర్ ఎత్తితే డబ్బు వస్తది, దించితే ఆగిపోతది. మా ఆయన ట్రాక్టర్ నడుపుతాడు, పని ఉన్న రోజే కూలి. మా ఇంట్లో నెల జీతం అనే మాట ఎవరికీ లేదు.

అందుకే మొదటి ఏడేళ్లు నేను సెలవు అనే ఆలోచనే చేయలేదు. ఒక్క రోజు మూస్తే తొమ్మిది వందలు పోతాయి అనుకునేదాన్ని. ఆ లెక్క తప్పని నాకు తెలిసింది 2024లో, అది కూడా చెయ్యి పనిచేయకుండా పోయాక.

ఆ ఏప్రిల్‌లో ఏమైంది

2024లో ఏప్రిల్ ఆఖరు నుంచి శుక్ర మూఢం వచ్చింది. మే, జూన్ నెలల్లో పెళ్లి ముహూర్తాలు లేవు. ఆ వెంటనే ఆషాఢం. మళ్లీ పెళ్లిళ్లు అంటే శ్రావణంలోనే. దాంతో పెళ్లిళ్లన్నీ మాఘం నుంచి ఏప్రిల్ లోపల ఇరుక్కున్నాయి. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ "సరే" అన్నాను. ఇప్పుడు కాదంటే మూడు నెలలు ఖాళీ కదా అనే భయం.

పెళ్లికూతురి మేకప్ అంటే చూసేవాళ్లకు మూడు గంటల పని. నాకు మాత్రం అది రెండు రోజుల పని. ముందు రోజు ఫేషియల్, వ్యాక్సింగ్, థ్రెడింగ్. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే రాత్రి పన్నెండుకే బ్యాగు సర్దుకుని వాళ్ల ఊరికి పోవాలి. జడ, చీర కట్టు, నగలు అన్నీ అయ్యేసరికి తెల్లారుతుంది. అలాగే వచ్చి పదింటికి షట్టర్ ఎత్తేదాన్ని. ఆ రెండున్నర నెలల్లో ఒక్క రోజు కూడా మూయలేదు.

మొదట మారింది చెయ్యి కాదు, నా మనసు. ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. పదేళ్లుగా తెలిసిన కస్టమర్ "కొంచెం షేప్ సరిచేయక్కా" అంటే కోపం వచ్చేది. ఒక రోజు ఒక టీచరమ్మ కనుబొమ్మ చివర చిన్న గాటు పడేలా తీసేశాను. ఇన్నేళ్లలో అట్లాంటిది ఎప్పుడూ జరగలేదు. ఆమె ఏమీ అనలేదు, పెన్సిల్‌తో దిద్దుకుంది. నేను కూడా పట్టించుకోలేదు. అసలు భయపడాల్సింది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను వివరించినప్పుడు మూడు విషయాలు చెప్పింది: ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి, పనితనం తగ్గడం. అప్పటికే ఆ మూడూ నాలో ఉన్నాయి. నేను మాత్రం "సీజన్ కదా" అనుకున్నాను.

శ్రీరామనవమికి ఒక రోజు ముందు కుడి చేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన కత్తితో కోసినట్టు నొప్పి. దారం జారిపోయింది. థ్రెడింగ్ చేసేవాళ్లకు ఇది అర్థమవుతుంది. దారం ఒక కొస పళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతుల వేళ్లతో మెలిక తెరుస్తూ మూస్తూ ఉండాలి. ఒక జత కనుబొమ్మలకే బొటనవేలు వందల సార్లు కదులుతుంది. రద్దీ రోజు ఇరవై మందికి పైనే వస్తారు.

మంచిర్యాలలో డాక్టర్‌కు చూపించాను. బొటనవేలిని లాగే నరాల్లాంటి తాళ్లు మణికట్టు దగ్గర ఒక సన్నని గొట్టంలోంచి పోతాయట. ఒకే కదలిక అదేపనిగా చేస్తే ఆ గొట్టం వాచి, తాళ్లు రాసుకుంటాయి. ఆయన ఒక చిన్న పరీక్ష చేయించారు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద పిడికిలి బిగించి, చేతిని మెల్లగా చిటికెన వేలి వైపుకు వంచమన్నారు. నేను అరిచాను. మీరు ఈ పని చేసేవాళ్లయితే ఒకసారి మెల్లగా చేసి చూడండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే అది ఉత్త అలసట కాదు. డాక్టర్‌కు చూపించాల్సిందే. తొందరగా పోతే పట్టీ, విశ్రాంతితోనే చాలామందికి తగ్గుతుంది.

నాకు పట్టీ వేసి, మూడు వారాలు చేతికి పని చెప్పొద్దన్నారు. రాబోయే పది రోజుల్లో నాకు నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాయి. నాలుగు ఇళ్లకూ ఫోన్ చేసి అడ్వాన్స్ వాపసు ఇచ్చాను. ఒక పెళ్లికూతురి తల్లి అన్న మాట ఇంకా గుర్తుంది. "నీకు చెయ్యి నొస్తుందని మాకు ముందుగాల చెప్తే మేం ఇంకొకల్లను చూసుకుంటుంటిమి గదా బిడ్డా." ఆమె తిట్టలేదు. నిజమే చెప్పింది.

ఖర్చులు పోను ఒక్కో పెళ్లికి నాకు 4,500 మిగులుతుంది. నాలుగు పెళ్లిళ్లకు 18,000. డాక్టర్, మందులు, పట్టీ, రానుపోను కలిపి 3,200. పదిహేను రోజులకే ఆగలేక పార్లర్ తెరిచాను. తెరిస్తే ఏముంది? మే నెల, మూఢం, 44 డిగ్రీల ఎండ. రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవాళ్లు. ఆ నెల అద్దె అప్పు తెచ్చి కట్టాను. పని ఉన్నప్పుడు చెయ్యి లేదు, చెయ్యి ఉన్నప్పుడు పని లేదు.

ఒక రోజు మూస్తే నిజంగా ఎంత పోతుంది?

ఆ ఖాళీ మేలో చేసిన ఒక్క మంచి పని, నా పాత నోట్‌బుక్‌లు తీసి చదవడం. రోజూ ఎవరు వచ్చారు, ఎంత ఇచ్చారు అని రాసే అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది. కానీ ఎన్నడూ కూడి చూడలేదు.

కూడితే మొదట తెలిసింది మంగళవారాల సంగతి. మా వైపు మంగళవారం జుట్టు కత్తిరించుకోరు, గోళ్లు తీసుకోరు. చాలామంది థ్రెడింగ్ కూడా చేయించుకోరు. నా పుస్తకంలో ఎన్నో మంగళవారాలు రెండు వందలు కూడా దాటలేదు. పెళ్లిళ్లు కూడా మంగళవారం పెట్టుకోవడం అరుదు. అంటే ఏడేళ్లుగా నేను రెండు వందల కోసం పొద్దంతా కూర్చుని, సెలవు దొరకడం లేదని ఏడ్చాను. ఆ వారం నుంచే మంగళవారం మూసేశాను.

రెండోది, నాకు వచ్చే డబ్బు ఒకే రకం కాదు. ఐబ్రోస్‌కు వచ్చే అమ్మాయి నేను లేకపోతే రెండు రోజులు ఆగి వస్తుంది. ఆ డబ్బు పోదు, జరుగుతుంది అంతే. పెళ్లికూతురు ఆగదు. ఆ డబ్బు పోతే పోయినట్టే. కాబట్టి సెలవు ఖరీదు రోజును బట్టి మారుతుంది. పెళ్లి సీజన్‌లో ఒక రోజు సెలవు చాలా ఖరీదు. ముహూర్తాలు లేని రోజుల్లో చాలా చవక. ఆ చవక రోజులు ఎప్పుడొస్తాయో ఏడాది ముందే అచ్చువేసి అమ్ముతున్నారు. అదే పంచాంగం.

2025 ఆషాఢం జూన్ 26 నుంచి జూలై 24 దాకా. జూలై 21 సోమవారం బోనాల సెలవు, పాపకు బడి లేదు. మరునాడు మంగళవారం, ఎట్లాగూ నాకు మూత. దానికి బుధవారం కలిపి మూడు రోజులు సెలవు పెట్టాను. ఆషాఢంలో కొత్త కోడళ్లు అమ్మగారింటికి పోతారు కదా, నేను కూడా పోతా అన్నాను మా అత్తమ్మతో. ఆమె నవ్వి, "పో, నీకూ ఆషాఢం ఉండాలె" అంది.

ఆ మూడు రోజుల లెక్క నేను పూర్తిగా రాసి పెట్టుకున్నాను. మంగళవారం ఎట్లాగూ సున్నా కాబట్టి పోయినవి రెండు రోజులు. నా పాత భయం ప్రకారం 1,800 పోవాలి. కానీ ఆషాఢంలో నా రోజు రాబడి సగటున 520. అంటే 1,040. అందులో సామాను ఖర్చు 200 మిగిలింది. 840 అయింది. ముందే చెప్పి ఉంచడంతో ఆదివారం, తిరిగి వచ్చిన గురువారం కొందరు అదనంగా వచ్చారు. వాళ్ల దగ్గర వచ్చింది సుమారు 500. చివరికి నిజంగా పోయింది 340 రూపాయలు. ఏడేళ్లు నేను భయపడింది ఈ 340కే.

తలుపు మీద చీటీ చాలదు

ఆ సెలవుకు ముందు ఒకసారి దసరా తర్వాత రెండు రోజులు మూసి చూశాను. షట్టర్ మీద చీటీ అంటించి పోయాను. అదే తప్పు. చెన్నూరుకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటో ఎక్కి వచ్చేవాళ్లు చీటీ దగ్గరికి వచ్చాకే చదువుతారు. బస్సులో ఉండగా పదకొండు ఫోన్లు. "ఇంత దూరం వచ్చినం" అని ఒకామె కోపం చేసింది. పార్లర్ మూసినా పని మూయలేదు.

జూలైలో పది రోజుల ముందే వాట్సాప్ స్టేటస్ పెట్టాను: "21, 22, 23 తేదీల్లో పార్లర్ ఉండదు. 20 ఆదివారం పొద్దున 8 నుంచి ఉంటాను. 24 గురువారం 10కి తెరుస్తాను." ఎప్పుడు ఉండనో చెప్పడం కన్నా ఎప్పుడు ఉంటానో చెప్పడం ముఖ్యం. అప్పుడే జనం తమ పని ముందుకో వెనక్కో జరుపుకుంటారు. వాట్సాప్ బిజినెస్‌లో మనం లేనప్పుడు తనంతట తానే జవాబు వెళ్లేలా పెట్టుకోవచ్చు. అందులో కూడా ఇదే రాశాను.

ఇంకో భయం కూడా ఉండేది. నేను లేనప్పుడు వేరే పార్లర్‌కు పోయిన కస్టమర్ మళ్లీ వస్తుందా? దీనికి మా ఊళ్లోనే ఇంకో వీధిలో పార్లర్ నడిపే అక్కతో మాట్లాడుకున్నాను. నేను లేనప్పుడు అర్జెంటు పని ఆమెకు పంపుతాను, ఆమె లేనప్పుడు నాకు పంపుతుంది. చిన్న పనుల డబ్బు చేసినవాళ్లదే. ఒప్పుకున్న పెళ్లి పంపాల్సి వస్తే, పంపినవాళ్లకు వందకు ఇరవై. ఇది ముందే నోటితో కాదు, ఫోన్‌లో మెసేజ్ రాసి ఒప్పుకున్నాం. 2024లో ఈ ఒప్పందం ఉంటే ఆ నాలుగు ఇళ్లలో మాట పడేదాన్ని కాదు.

సెలవు డబ్బు ఎక్కడి నుంచి?

ఉద్యోగం చేసేవాళ్లకు సెలవు రోజు జీతం కంపెనీ ఇస్తుంది. నాకు ఎవరిస్తారు? నా రేట్లే ఇవ్వాలి. రేట్లు పెట్టినప్పుడు నేను చేసిన తప్పు, ఏడాదిలో 365 రోజులూ పనిచేస్తానని అనుకోవడం.

లెక్క ఇట్లా వేసుకున్నాను. పార్లర్ అద్దె, కరెంటు, ఫోన్ కలిపి నెలకు 4,500. ఇంటికి నా వంతు 15,000. ఏడాదికి మొత్తం 2,34,000. దీన్ని 365తో భాగిస్తే రోజుకు 641 మిగలాలి. కానీ 52 మంగళవారాలు, 12 రోజుల సెలవు, జ్వరానికో పండక్కో ఇంకో 8 రోజులు తీసేస్తే పనిచేసేది 293 రోజులే. అప్పుడు రోజుకు 799 మిగలాలి. తేడా 158 రూపాయలు. రోజుకు 12 మంది వస్తారనుకుంటే ఒక్కొక్కరి మీద 13 రూపాయలు. నా ఏడాది సెలవుల ఖరీదు ఆ 13 రూపాయలే.

థ్రెడింగ్ 40 నుంచి 50 చేశాను. ఫేషియల్ మీద 50 పెంచాను. ముగ్గురు నలుగురు రావడం మానేశారు. మిగిలినవాళ్లు ఒకసారి "పెంచినవా అక్కా" అని అడిగి, కూర్చున్నారు.

పెళ్లి డబ్బు మాత్రం వేరే సంగతి. అది వానలాగా ఒకేసారి వస్తుంది, తర్వాత ఎండిపోతుంది. ప్రతి పెళ్లి మేకప్ డబ్బులోంచి వందకు పది వేరే బ్యాంకు ఖాతాలో వేస్తున్నాను. ఆ ఖాతాకు ఫోన్‌లో యూపీఐ పెట్టలేదు. తీయాలంటే బ్యాంకుకు నడవాలి. ఆ బద్ధకమే దాన్ని కాపాడుతోంది. 6,000 చొప్పున ఇరవై పెళ్లిళ్లు చేస్తే ఏడాదికి 12,000. సెలవు ఖర్చు అందులోంచే పోతుంది. మిగిలింది మూఢం నెలల్లో అద్దెకు.

ఎందుకంటే మూఢం అంతా సెలవు కాదు. 2025 నవంబర్ 26న మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి 17 దాకా సాగింది. దాదాపు పన్నెండు వారాలు. అన్ని రోజులు ఇంట్లో కూర్చుంటే తినేదేంది? నేను మూసింది నాలుగు రోజులే. మిగతా రోజుల్లో థ్రెడింగ్, హెయిర్ కట్, క్రిస్మస్ ముందు ఫేషియల్స్ నడిచాయి. పంచాంగం ఒక్కటే చూసినా సరిపోదు. రంజాన్ ముందు మెహందీ రద్దీ, ఫిబ్రవరి మార్చిలో కాలేజీ ఫేర్‌వెల్ పార్టీలు కూడా అదే పుస్తకంలో పెన్నుతో రాసుకుంటాను. నా రద్దీ అందరి పండగలతోనూ వస్తుంది.

సెలవు ఒక్కటే చేతిని కాపాడదు కూడా. రద్దీ నెలల్లో రెండు నియమాలు పెట్టుకున్నాను. రోజుకు ఒక్క పెళ్లే ఒప్పుకుంటాను. రాత్రి ముహూర్తం చేసి వస్తే మరునాడు షట్టర్ మధ్యాహ్నం రెండింటికే ఎత్తుతాను. ఈ నియమాల వల్ల గత సీజన్‌లో ఐదు పెళ్లిళ్లు వదులుకున్నాను. ఆ డబ్బు నిజంగానే పోయింది, తిరిగి రాదు. కానీ ఒప్పుకున్న ఒక్క పెళ్లి కూడా తప్పలేదు.

ఆ మూడు రోజులు

మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. ఆధార్ కార్డు పట్టుకుని నేనూ మా పాపా ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. మంచిర్యాల, అక్కడి నుంచి లక్సెట్టిపేట, జన్నారం, ఖానాపూర్ మీదుగా నిర్మల్. అమ్మ వాళ్లది అక్కడే. ఆటోలు, పాపకు చిరుతిండి, అమ్మకు ఒక చీర కలిపి 1,900 అయింది.

కుంటాల జలపాతం చూద్దామని పెద్ద ప్లాన్ వేసుకున్నాను. వాన ఆగలేదు. ఎక్కడికీ పోలేదు. మొదటి రోజు పొద్దున పదకొండింటి దాకా పడుకున్నాను. లేచేసరికి అమ్మ మక్క గుడాలు చేసి పెట్టింది. సాయంత్రం రోట్లో గోరింటాకు నూరి, "నువ్వు ఊరందరికీ పెడ్తవు, నీకెవరు పెడ్తరు" అంటూ నా చేతికి పెట్టింది. ఆకు ఆరేదాకా చెయ్యి కదపకూడదు కదా. రెండు గంటలు ఊరికే కూర్చున్నాను. నా కుడి చెయ్యి మెలకువలో అంతసేపు పని లేకుండా ఉండడం, పట్టీ వేసిన రోజుల తర్వాత అదే మొదటిసారి.

గురువారం పదింటికి షట్టర్ ఎత్తాను. మొదట వచ్చింది ఆ టీచరమ్మే. దారం పట్టుకున్నాను. "కొంచెం షేప్ సరిచేయమ్మా" అంది. కోపం రాలేదు.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా ఉంది. పెళ్లిళ్లుండవు. పిల్లలకు బడి సెలవులు కూడా అప్పుడే. మే ఎండల్లో మా దిక్కు ప్రయాణం కష్టం కాబట్టి మృగశిర కార్తె దాకా ఆగుతాను. జూన్ 8 సోమవారం, 9 మంగళవారం, 10 బుధవారం. పంచాంగంలో ఆ మూడు తేదీలకు ఎర్ర పెన్నుతో గీత పెట్టాను. ఎవరైనా ఆ రోజుల్లో ఖాళీనా అని అడిగితే, "లేదమ్మా, ఆ రోజులు బుక్ అయినయి" అంటున్నాను.